ఒక్క ఫోటో ముఖమార్పిడి, జంటకో మోడల్: పోలికలు ఎక్కడ నిల్వ ఉంటాయి?

డూప్ చేసిన షాట్‌లో అసలు నటుడి ముఖం పెట్టాలంటే ఇప్పుడు రెండు దారులున్నాయి. నటుడి ఫోటో ఒక్కటి ఇస్తే చాలు, ఎవరి ముఖం మీదైనా ఆ ముఖాన్ని పెట్టేసే రెడీమేడ్ మోడల్ ఒకటి. ఈ నటుడికి, ఈ డూప్‌కి మాత్రమే పనికొచ్చేలా విడిగా ట్రైన్ చేసుకునే మోడల్ రెండోది, దీన్ని జంట మోడల్ అందాం. మొదటిదానికి నిమిషాలు చాలు, రెండోదానికి రోజులు పడుతుంది. అందుకే చాలామంది ఇది వేగానికీ నాణ్యతకీ మధ్య బేరం అనుకుంటారు. అలా అనుకుంటే ఏ షాట్‌కి ఏది వాడాలో ఎప్పటికీ తేలదు, ఎందుకంటే కొన్ని షాట్లలో ఒక్క ఫోటో మోడలే మెరుగ్గా ఉంటుంది, మరికొన్నింటిలో దాన్ని ఎంత సానబెట్టినా ఫలితం ఉండదు.

చూడాల్సింది వేరే ఉంది. నటుడి పోలికలు మోడల్‌లో ఏ చోట నిల్వ ఉంటాయి? ఒక్క ఫోటో మోడల్‌లో అవి 512 అంకెల వరుసలో ఉంటాయి. జంట మోడల్‌లో కోట్ల కొద్దీ వెయిట్లలో, అంటే ట్రైనింగ్‌లో మోడల్ తనలో సర్దుకునే అంకెల్లో ఉంటాయి. తెరమీద కనిపించే తప్పులు దాదాపు అన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

512 అంకెల్లో పట్టేది, పట్టనిది

ఒక్క ఫోటో పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి, 2023లో రూప్ అనే టూల్‌తో అందరి చేతికీ చేరిన inswapper_128.onnx అనే మోడల్ ఫైల్ మంచి ఉదాహరణ. ముందుగా ఫోటోలో ముఖాన్ని వెతికి రెండు కళ్లు, ముక్కు కొన, పెదవుల రెండు మూలలు, మొత్తం ఐదు బిందువులు గుర్తిస్తారు. వాటి ఆధారంగా ముఖాన్ని నిటారుగా తిప్పి 112×112 పిక్సెళ్లకు కత్తిరించి, ముఖాలను గుర్తుపట్టే ఆర్క్‌ఫేస్ తరహా నెట్‌వర్క్‌కి ఇస్తారు. అది 512 అంకెలు ఇస్తుంది. ఆ తర్వాత నటుడి ఫోటోతో పనే లేదు, దాన్ని చెరిపేసినా ఫలితం మారదు. డూప్ ఉన్న ప్రతి ఫ్రేమ్‌లో ముఖాన్ని 128×128కి కత్తిరించి, ఆ ముక్కనీ ఈ 512 అంకెలనీ కలిపి స్వాప్ నెట్‌వర్క్‌కి ఇస్తే కొత్త 128×128 ముఖం వస్తుంది. దాన్ని తిరిగి ఫ్రేమ్‌లో అతికిస్తారు.

ఆ 512 అంకెలను తయారుచేసే నెట్‌వర్క్ ఎందుకోసం ట్రైన్ అయిందన్నది ఇక్కడ కీలకం. ఒకే మనిషి ఫోటోలన్నీ దగ్గరగా, వేర్వేరు మనుషులవి దూరంగా రావాలన్నదే దానికి నేర్పిన పని. ఆ పని బాగా చేయాలంటే వెలుతురు, నవ్వు, గడ్డం, కళ్లజోడు, మేకప్ లాంటివి ఎంత పట్టించుకోకపోతే అంత మంచిది. అంటే ఆ నెట్‌వర్క్ మెరుగుపడే కొద్దీ చిత్రకారుడికి కావాల్సిన వివరాలను ఇంకా గట్టిగా వదిలేస్తుంది. గుర్తుపట్టడానికి సరిపోయేదీ, తిరిగి గీయడానికి సరిపోయేదీ ఒకటి కావు.

దీన్ని పిక్సెళ్లలో చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. 128×128 ముక్కలో రెండు కళ్ల మధ్య దూరం సుమారు 35 పిక్సెళ్లు. పెద్దవాళ్ల ముఖంలో ఈ దూరం దాదాపు 63 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, ఒక మిల్లీమీటరుకి సగం పిక్సెల్ కంటే కాస్త ఎక్కువ వస్తుంది. ఆ లెక్కన కన్ను మొత్తం వెడల్పు 17 పిక్సెళ్లు, నల్లగుడ్డు ఆరేడు పిక్సెళ్లు, పై వరసలో ముందు పన్ను ఒక్కోటి ఐదు పిక్సెళ్ల లోపు. బుగ్గమీద 3 మిల్లీమీటర్ల పుట్టుమచ్చ ఉంటే అది రెండు పిక్సెళ్లు కూడా కాదు. పుట్టుమచ్చ ఒకవేళ 512 అంకెల్లోకి ఎలాగో చేరినా, దాన్ని గీయడానికి ఇక్కడ చోటు లేదు.

పైగా ఫోటోలో లేనిది ఎక్కడి నుంచి వస్తుంది? నటుడు నోరు మూసుకున్న ఫోటో ఇస్తే అతని పళ్ల గురించి మోడల్‌కి ఏమీ తెలియదు. షాట్‌లో డూప్ అరిస్తే కనిపించే పళ్లు, డూప్ పళ్లకీ ట్రైనింగ్‌లో చూసిన లక్షల ముఖాల సగటుకీ మధ్య ఏదో ఒకటి. నేరుగా తీసిన ఫోటోలో ముక్కు దూలం ఎంత ఎత్తుందో, గడ్డం ఎంత ముందుకొచ్చిందో తెలియదు. అందుకే తల పక్కకు తిరిగేకొద్దీ నటుడు మాయమై డూప్ బయటపడతాడు.

ఈ మోడళ్లు ట్రైన్ అయ్యే తీరులో ఇంకో సంగతి ఉంది. ఒకరి ముఖం మీద ఇంకొకరి ముఖం పెడితే సరైన జవాబు ఎలా ఉండాలో చెప్పే ఫోటో ప్రపంచంలో ఎక్కడా లేదు. కాబట్టి రెండు లాగుళ్ల మధ్య రాజీ నేర్పిస్తారు. వచ్చిన ముఖం 512 అంకెల్లో నటుడికి దగ్గరగా ఉండాలని ఒకటి లాగుతుంది. భంగిమ, హావభావం, వెలుతురు డూప్ ఫ్రేమ్‌లోలాగే ఉండాలని మరొకటి లాగుతుంది. 2019 నాటి ఫేస్‌షిఫ్టర్, 2020 నాటి సిమ్‌స్వాప్ అనే ఒక్క ఫోటో మోడళ్లు ఈ రాజీని వేర్వేరు తీరుల్లో కుదిర్చాయి. ఏది తీసుకున్నా రాజీ లోకంలోని ముఖాలన్నిటికీ కలిపి ఒక్కసారే కుదిరిపోయింది. నిర్దిష్టంగా ఈ నటుడికి దవడ వెడల్పే ప్రాణమని దానికి చెప్పే మార్గం లేదు. ముఖం అంచు గీత దాదాపు ఎప్పుడూ డూప్‌దే మిగులుతుంది. కళ్లు, ముక్కు, పెదవులు నటుడివి, దవడా నుదురూ డూప్‌వి. చూసేవాళ్లకి అది నటుడి తమ్ముడిలా కనిపిస్తుంది.

జంట మోడల్ నేర్చుకునే తీరు

2017 చివర్లో బయటికొచ్చిన తొలి డీప్‌ఫేక్ కోడ్ ఈ రెండో పద్ధతిదే. డీప్‌ఫేస్‌ల్యాబ్, ఫేస్‌స్వాప్ అనే టూల్స్ దాన్నే పెంచాయి. ముఖాన్ని కుదించి అంకెలుగా మార్చే ఎన్‌కోడర్ ఒక్కటే, ఆ అంకెల నుంచి ముఖాన్ని తిరిగి గీసే డీకోడర్లు రెండు. నటుడి ముఖమైనా డూప్ ముఖమైనా ముందు అదే ఎన్‌కోడర్ గుండా వెళ్తుంది. బయటికొచ్చేటప్పుడు నటుడిది నటుడి డీకోడర్ నుంచి, డూప్‌ది డూప్ డీకోడర్ నుంచి వస్తుంది. ట్రైనింగ్ అంతా ఎవరి ముఖాన్ని వాళ్లకే తిరిగి గీయించడమే, మార్పిడి అనేది ఎక్కడా జరగదు. ఇద్దరికీ ఒకే ఎన్‌కోడర్ పనిచేయాలి కాబట్టి, అది తల ఎటు తిరిగింది, నోరు ఎంత తెరుచుకుంది, వెలుతురు ఏ పక్క నుంచి పడుతోంది లాంటి ఉమ్మడి సంగతులనే మోయడానికి మొగ్గుతుంది. ఇవి నటుడి మీద ఎలా కనిపిస్తాయన్నది నటుడి డీకోడర్ వెయిట్లలోకి చేరుతుంది. చివర్లో డూప్ ఫ్రేమ్‌ని ఎన్‌కోడర్‌కి ఇచ్చి నటుడి డీకోడర్ నుంచి బయటికి తీస్తే, డూప్ హావభావంతో నటుడి ముఖం వస్తుంది.

ఇక్కడ పోలికలకు 512 అంకెల ఇరుకు సందు లేదు. నటుడు నవ్వితే ఎడమ పక్క పెదవి కాస్త ఎక్కువ లేస్తుందనుకుందాం. ఆ నవ్వు ఫోటోలు వందల కొద్దీ చూసిన డీకోడర్ దాన్ని నేర్చుకుంటుంది. పుట్టుమచ్చ ప్రతి ఫోటోలో ఒకే చోట ఉంటుంది కాబట్టి అది కూడా నిలుస్తుంది. ఒక్క ఫోటో మోడల్‌కి నటుడు ఎలా ఉంటాడన్నది మాత్రమే అందుతుంది. జంట మోడల్‌కి అతని ముఖం ఎలా కదులుతుందో కూడా తెలుస్తుంది.

పెద్దగా ఎవరూ చెప్పని లాభం ఇంకొకటి ఉంది. జంట మోడల్ ట్రైనింగ్‌లో డూప్ ఫోటోలుగా వాడేది సాధారణంగా మార్చాల్సిన షాట్ ఫ్రేములనే. అంటే ఏ ఫ్రేముల మీద పనిచేయాలో అవే ఫ్రేములను అది వేల సార్లు చూసి ఉంటుంది. ఒక్క ఫోటో మోడల్‌కి ఆ ఫ్రేములు పూర్తిగా కొత్తవి. నిజానికి రెండూ ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌ని విడివిడిగానే గీస్తాయి, కాలం అనే ఊహ రెండిటికీ లేదు. అయినా జంట మోడల్ ఫలితం నిలకడగా, ఒక్క ఫోటో ఫలితం వణుకుతూ కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

మూల్యం మాత్రం చిన్నది కాదు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున పది నిమిషాల నటుడి ఫుటేజీలో 14,400 ఫ్రేములుంటాయి. వాటినుంచి ముఖాలు తీసి, మసకవి, కళ్లు మూసినవి మరీ ఎక్కువైతే అవి, ఒకేలా ఉన్నవి ఏరేస్తే రెండు నుంచి ఐదు వేలు మిగలాలి. ఏరడంలో లెక్క కన్నా విస్తృతి ముఖ్యం. తల తిరిగిన కోణం ప్రకారం ఫోటోలను వరుసలో పెట్టి చూస్తే ఎక్కడ ఖాళీ ఉందో కంటికే కనిపిస్తుంది. ముందు వైపు నాలుగు వేలు, ఎడమ పక్క ముప్పై ఉంటే ఆ మోడల్ ఎడమ పక్కన ఎప్పటికీ మసకగానే గీస్తుంది. నాలుగు వేలను ఎనిమిది వేలు చేస్తే ఏమీ మారదు, ఎడమ పక్క ఇంకో మూడు వందలు తెస్తే అంతా మారుతుంది.

తర్వాత మాస్క్ పని, అంటే ఫ్రేమ్‌లో ఏది ముఖమో ఏది కాదో వేరుచేయడం. చెయ్యి, జుట్టు, మైకు ముఖానికి అడ్డొచ్చిన ఫ్రేములు కొన్ని తీసి, ముఖం అంచుని చేత్తో గీసి, మాస్క్ నెట్‌వర్క్‌ని ట్రైన్ చేయాలి. డీప్‌ఫేస్‌ల్యాబ్‌లో దీన్ని ఎక్స్‌సెగ్ అంటారు. కొన్ని పదుల ఫ్రేములు జాగ్రత్తగా గీస్తే మిగతావాటికి అదే వేసుకుంటుంది. వేయలేని చోట ఇంకో పది గీయాలి.

ఇక ట్రైనింగ్. మొదటి దశలో ముఖాన్ని యాదృచ్ఛికంగా వంచి ఇచ్చి, వంకర లేని ముఖాన్ని గీయమంటారు. ఇది తప్పనిసరి. లేకపోతే ఎన్‌కోడర్ చూసింది చూసినట్టు అప్పజెప్పేస్తుంది, డూప్ ముఖం కారిపోయి ఫలితంలోకి వస్తుంది. కళ్ల దిశ, పెదవుల కదలిక కుదిరాక ఈ వంచడం ఆపి పదును పెంచుతారు. చర్మం మీద సన్నటి వివరాల కోసం, అసలుకీ నకిలీకీ తేడా పట్టే ఇంకో నెట్‌వర్క్‌తో పోటీ పెట్టే గ్యాన్ లాస్‌ని అన్నిటికంటే చివర్లో, తక్కువ బలంతో వేస్తారు. దాన్ని ముందే వేస్తే కుదరని ముఖానికి నకిలీ రంధ్రాలూ గీతలూ పట్టుకుని ఇక వదలవు. ఒక్కో ఇటరేషన్‌కి, అంటే ట్రైనింగ్‌లో ఒక్కో అడుగుకి అర సెకను అనుకుంటే ఐదు లక్షల ఇటరేషన్లకు రెండున్నర లక్షల సెకన్లు, అంటే దాదాపు మూడు రోజులు.

ఎప్పుడు ఆపాలి? తప్పు ఎంత మిగిలిందో చెప్పే లాస్ అంకెను చూసి ఆపితే మోసపోతారు. ఆ అంకె కొలిచేది నటుణ్ని నటుడిలా, డూప్‌ని డూప్‌లా ఎంత బాగా గీసిందన్నదే. మార్పిడిని అది కొలవదు, ఎందుకంటే మార్పిడికి ఇక్కడ కూడా సరైన జవాబు లేదు. ప్రివ్యూ కిటికీలో ఐదు నిలువు వరుసలుంటాయి. నటుడు, తిరిగి గీసిన నటుడు, డూప్, తిరిగి గీసిన డూప్, చివర్లో మార్చిన ముఖం. మొదటి నాలుగూ అద్దంలా ఉండి ఐదోది ఇంకా డూప్‌లా ఉంటే అది కారుతోందని గుర్తు. డీకోడర్లు వేరుగా ఉండే డీఎఫ్ నిర్మాణంలో ఈ కారడం తక్కువ, కానీ ఇద్దరి ముఖాల ఆకారం దగ్గరగా ఉండాలి. డీకోడర్‌ని పంచుకునే లియే నిర్మాణం వెలుతురుకి బాగా ఒదుగుతుంది, బదులుగా ఆకారం కొంత డూప్ వైపు జారుతుంది.

మూడు షాట్ల మీద వేసి చూస్తే

ఒక పోరాట సన్నివేశం, 1920×1080 ఫుటేజీ, ముగ్గురి ఒప్పందమూ ఉంది: నటుడు, డూప్, నిర్మాత. మూడు షాట్లు. మొదటిది దూరం నుంచి తీసిన 12 సెకన్ల పరుగు, 288 ఫ్రేములు. రెండోది నడుము పైనుంచి తీసిన 5 సెకన్లు, 120 ఫ్రేములు. మూడోది 4 సెకన్ల క్లోజప్, 96 ఫ్రేములు. ఇందులో డూప్ ముందు నుంచి పూర్తి పక్కకు తల తిప్పుతూ మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుంటాడు.

మొదట చేయాల్సింది కళ్ల మధ్య దూరం కొలవడం. దాన్ని 35తో భాగిస్తే 128 పిక్సెళ్ల ముఖం ఎన్ని రెట్లు సాగాలో తెలుస్తుంది. తల తిరిగిన కోణం కూడా అదే చోట దొరుకుతుంది.

```python
import cv2, glob
import numpy as np
from insightface.app import FaceAnalysis

app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=0, det_size=(640, 640))
for f in sorted(glob.glob("shot/*.png")):
    for face in app.get(cv2.imread(f)):
        d = np.linalg.norm(face.kps[0] - face.kps[1])
        print(f, round(d / 35, 2), round(face.pose[1]))
```

ప్రతి వరుసలో ఫైల్ పేరు తర్వాత మొదటి అంకె సాగే రెట్లు, రెండోది పక్కకు తిరిగిన డిగ్రీలు. తల తిరిగినప్పుడు కళ్ల మధ్య దూరం తగ్గి కనిపిస్తుంది కాబట్టి రెట్లను ముఖం ఎదురుగా ఉన్న ఫ్రేముల్లోనే నమ్మాలి.

పరుగు షాట్‌లో కళ్ల మధ్య 25 పిక్సెళ్లు వచ్చాయనుకుందాం. అంటే 0.7 రెట్లు, మోడల్ ఇచ్చిన ముఖాన్ని పెంచడం కాదు, కుదించడం జరుగుతుంది. పళ్లు, పుట్టుమచ్చ అసలు ఫుటేజీలోనే కనిపించవు. ఇక్కడ ఒక్క ఫోటో మోడల్ చాలు, దీనికి మూడు రోజులు ట్రైన్ చేయడం కాలం వృథా. పైగా అంత చిన్న ముఖాల మీద జంట మోడల్‌కి నేర్చుకోవడానికి డూప్ వైపు సరుకే ఉండదు. చూడాల్సింది ఒక్కటే, ముఖం దొరకని ఫ్రేములు. కదలిక మసకలో నాలుగైదు ఫ్రేముల్లో ముఖం దొరక్కపోతే అక్కడ డూప్ ముఖం ఒక్క క్షణం మెరిసి పోతుంది. 288 ఫ్రేముల్లో వేటి పేర్లు అచ్చు కాలేదో చూస్తే అవి బయటపడతాయి.

రెండో షాట్‌లో 75 పిక్సెళ్లు, అంటే 2.1 రెట్లు. ఇది సరిహద్దు. డూప్ దవడ నటుడికి దగ్గరగా ఉండి, తల 30 డిగ్రీలు దాటకపోతే ఒక్క ఫోటోతో గట్టెక్కవచ్చు. అప్పుడు ఒకే ఫోటో బదులు మంచి ఫోటోలు ఐదారు తీసుకుని, ఒక్కోదాని 512 అంకెలను సమాన పొడవుకి తెచ్చి సగటు కట్టి వాడితే మేలు. ఒక ఫోటోలోని నీడ, లెన్సు వంకర ఆ సగటులో కొట్టుకుపోతాయి. అంతకు మించి ఆశించకూడదు. సగటు కట్టినంత మాత్రాన పళ్లూ పుట్టుమచ్చలూ పుట్టుకురావు.

మూడో షాట్‌లో 190 పిక్సెళ్లు, 5.4 రెట్లు. మోడల్ గీసిన ఒక్కో పిక్సెల్ తెరమీద సుమారు 29 పిక్సెళ్ల గడి అవుతుంది. పక్కనున్న చెవి, మెడ మీద చర్మం పదునుగా ఉండి ముఖం మాత్రం మైనంలా నున్నగా ఉంటుంది. సగం దాటి తిరిగేకొద్దీ అవతలి కన్ను ముక్కు చాటుకు వెళ్తుంది, ఐదు బిందువుల్లో రెండు ఊహతో వస్తాయి. ఆ ఊహ ఫ్రేమ్‌కో తీరుగా ఉండటంతో కత్తిరించే చతురస్రమే చిన్నదీ పెద్దదీ అవుతూ ముఖం ఉబ్బి తగ్గినట్టు కదులుతుంది. మోచెయ్యి అడ్డొచ్చిన ఫ్రేముల్లో మోడల్ చేతి మీద కనుబొమ్మ గీస్తుంది, లేదా చేతి చర్మాన్ని ముఖంలో కలిపేస్తుంది. ఈ షాట్‌కి జంట మోడల్ తప్ప గతి లేదు. అదీ 256 లేక 320 పిక్సెళ్లతో, నుదురు కూడా కలిసే ముఖ పరిధితో, పక్క కోణాల్లో నటుడి ఫోటోలు సరిపడా ఉంటేనే. నటుడు అందుబాటులో ఉంటే అతన్ని కూర్చోబెట్టి అదే వెలుతురులో తల నెమ్మదిగా ఇటునుంచి అటు, పైకీ కిందికీ తిప్పించి, మాట్లాడించి, నవ్వించి ఐదు నిమిషాలు తీయడం కంటే విలువైన పని ఇంకొకటి లేదు. పాత ఫుటేజీ గంటల కొద్దీ ఉన్నా వెలుతురు వేరైతే ఈ ఐదు నిమిషాలకు సాటి రాదు.

జంట మోడల్‌కి కూడా పూర్తి పక్క కోణంలో బిందువులు తప్పుతాయని మరవకూడదు. తేడా ఏమిటంటే, అక్కడ 96 ఫ్రేములే కాబట్టి తప్పినవాటిని చేత్తో సరిదిద్దవచ్చు, సరిదిద్దినవే ట్రైనింగ్‌లోకీ వెళ్తాయి.

పదును పెంచే మోడల్ చేసే హాని

క్లోజప్ మసకగా వచ్చిందని చూసి చాలామంది జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ లాంటి ముఖాలను బాగుచేసే మోడళ్లను పైన వేస్తారు. ఫోటోలో అద్భుతంగా ఉంటుంది. వీడియోలో రెండు నష్టాలు జరుగుతాయి. ఐదు పిక్సెళ్ల పన్ను నుంచి అది పన్ను వివరం తీయలేదు, కొత్తగా కల్పిస్తుంది. ప్రతి ఫ్రేమ్‌లో విడిగా కల్పిస్తుంది కాబట్టి పళ్ల సందులు, కనురెప్పల వెంట్రుకలు ఫ్రేమ్‌కో చోట ఉండి మినుకుమినుకుమంటాయి. రెండో నష్టం ఇంకా లోతైనది. ఆ మోడల్‌కి నటుడెవరో తెలియదు. అది సగటు అందమైన ముఖం వైపు లాగుతుంది. 512 అంకెల ద్వారా ఎలాగో వచ్చిన కొద్దిపాటి పోలిక కూడా అక్కడ నీరుగారుతుంది. తప్పదనుకుంటే బాగుచేసిన ముఖాన్ని సగానికి సగం మాత్రమే కలపడం, నోటి భాగాన్ని వదిలేయడం నయం. ఫలితాన్ని ఆపి ఉంచిన ఫ్రేమ్‌లో కాకుండా పూర్తి వేగంతో, తర్వాత పావు వేగంతో చూస్తే మినుకు దాగదు.

పోలిక ఎంత కుదిరిందో అంకెల్లో కొలిచేటప్పుడు కూడా ఇలాంటి వల ఉంది. మార్చిన ముఖానికీ నటుడి ఫోటోకీ ఆర్క్‌ఫేస్‌తో కొసైన్ పోలిక, అంటే రెండు 512 అంకెల వరుసలు ఎంత దగ్గరో చెప్పే అంకె కడితే ఒక్క ఫోటో మోడల్‌కి చాలా మంచి మార్కులు రావచ్చు. రావడంలో వింత లేదు, ఆ అంకెను పెంచడానికే అది ట్రైన్ అయింది. ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థి మార్కుల లాంటివి అవి. ఫేస్‌షిఫ్టర్ రూపకర్తలు తమ ఫలితాలను కాస్‌ఫేస్ అనే వేరే గుర్తింపు నెట్‌వర్క్‌తో కొలిచారు. అదే సరైన పద్ధతి. కొలిచినా అంకె సగటును నమ్మకుండా తల తిరిగిన కోణం ప్రకారం గ్రాఫ్ గీసి చూడాలి. ఒక్క ఫోటో మోడల్ గీత ముందు వైపు ఎత్తుగా ఉండి కోణం పెరిగేకొద్దీ జారుతుంది. సగటు తీస్తే ఆ జారుడు కనిపించదు, తెరమీద మాత్రం ప్రేక్షకుడికి అదే కనిపిస్తుంది. గుర్తింపు నెట్‌వర్కులు కూడా పక్క ముఖాల మీద బలహీనమే కాబట్టి, నటుడి అసలు పక్క ఫోటోలతో అదే గీత గీసి పక్కన పెట్టుకుంటే పోల్చడానికి ఆధారం ఉంటుంది.

మధ్య దారి

ఈ రెండు కొసల మధ్య ఇంకొంత చోటు ఉంది. లైవ్ వీడియోలో ముఖం మార్చే డీప్‌ఫేస్‌లైవ్ అనే టూల్ కోసం వాడే మోడళ్లలో నటుడి వైపు ఒకే మనిషి ఫోటోలు వేల కొద్దీ ఉంటాయి, డూప్ వైపు మాత్రం ఎవరెవరివో రకరకాల ముఖాలుంటాయి. ఫలితంగా నటుడి పోలికలు వెయిట్లలోనే నిలుస్తాయి, డూప్ ఎవరైనా పనిచేస్తుంది. డూప్‌లు మారుతూ ఉండే పనికి ఇది అక్కరకొస్తుంది. డూప్ ముఖం మరీ అరుదైన ఆకారంలో ఉంటే మాత్రం తడబడుతుంది. 2020లో డిస్నీ రీసెర్చ్, ఈటీహెచ్ జూరిక్ పరిశోధకులు ఒకే ఎన్‌కోడర్‌కి మనిషికో డీకోడర్ తగిలించి 1024×1024 వరకు వెళ్లారు. అక్కడా నటుడి ఫుటేజీ కావాల్సిందే. ముఖాన్ని కత్తిరించే బిందువుల వణుకును తగ్గించడానికి వాళ్లు విడిగా శ్రమపడ్డారు. మోడల్ ఎంత పెద్దదైనా ఆ వణుకు దాన్ని పాడుచేస్తుందని అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు.

రోజువారీ పనిలో ఒక్క ఫోటో మోడల్‌కి మంచి చోటు షూటింగ్‌కి ముందే ఉంది. ముగ్గురు డూప్‌ల టెస్ట్ వీడియోల మీద నటుడి ముఖం పెట్టి చూస్తే ఎవరి దవడ, ఎవరి నుదురు కుదురుతాయో గంటలో తేలిపోతుంది. ఆకారాన్ని అది మార్చలేదన్న లోపమే ఇక్కడ పరీక్షగా పనికొస్తుంది. ఎవరి మీద అది బాగా కుదిరిందో వాళ్ల మీద జంట మోడల్ ఇంకా సులువుగా కుదురుతుంది.

లైసెన్సు సంగతి షూటింగ్‌కి ముందే చూసుకోవాలి. ఇన్‌సైట్‌ఫేస్ మోడళ్లు, అంటే ముఖాన్ని గుర్తించేవీ స్వాప్ చేసేదీ, వాణిజ్యేతర పరిశోధన కోసమని ఇచ్చినవి. విడుదలయ్యే సినిమాలో వాడాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి.

అనుమతి పత్రాల్లోనూ రెండు పద్ధతులకు ఒకే వాక్యం సరిపోదు. ఒక్క ఫోటో పద్ధతిలో పని అయ్యాక మిగిలేది ఆ ఫోటో, 512 అంకెలు. మోడల్ ఫైల్‌లో నటుడి జాడ లేదు. జంట పద్ధతిలో మిగిలే వెయిట్ల ఫైలే నటుడి ముఖం. డూప్ ఫోటోల ఫోల్డర్ మార్చి ఇంకొంచెం ట్రైన్ చేస్తే అదే డీకోడర్ వేరే మనిషి మీద, నటుడు ఎన్నడూ ఒప్పుకోని సన్నివేశంలో పనిచేస్తుంది. కాబట్టి ఆ ఫైల్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ షాట్లకు వాడవచ్చు, మధ్యమధ్యలో సేవ్ అయిన బ్యాకప్ నకళ్లతో సహా ఎప్పుడు చెరిపేస్తారు, చెరిపినట్టు ఎవరు సంతకం పెడతారు అన్నవి ట్రైనింగ్ మొదలుపెట్టే ముందే రాసుకోవాలి. టూల్ తనంతట తానే బ్యాకప్‌లు రాసేలా పెట్టి ఉంటే అవి మోడల్ ఫోల్డర్ లోపల వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. పైన కనిపించే ఫైల్ ఒక్కటే చెరిపి ఊరుకుంటే నటుడి ముఖం అక్కడే ఉండిపోతుంది.